అద్దె తక్కువే... మరి అలసట లెక్కేంటి?

ఆ రోజు ఓపీ దాదాపు అయిపోయింది. నలభై ఏళ్లు కూడా నిండని ఒకాయన భార్యతో కలిసి వచ్చి కూర్చున్నాడు. కుడి మోచేతి మీద గీసుకుపోయిన గాయం, దానికి ఇంట్లోనే కట్టిన గుడ్డ.

‘‘చేతికేం కాలేదు సార్. అసలు ఒంట్లో సత్తువే ఉండట్లేదు. ఒక సెలైన్ ఎక్కించండి, బలానికి ఏదైనా ఇంజెక్షన్ ఉంటే రాయండి’’ అన్నాడు.

గాయం ఎలా అయిందని అడిగితే ఆయన మాట్లాడలేదు. భార్యే చెప్పింది. ‘‘రాత్రి పామర్రు నుంచి బండి మీద వస్తూ నిద్రపోయారండీ. బండి రోడ్డు దిగి పొలంలోకి వెళ్లిపోయింది. అటు పొలం కాబట్టి సరిపోయింది, కాలవ అయితే..?’’ అని ఆగిపోయింది.

వాళ్లది కూచిపూడి. ఆయన విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాడు. నాలుగేళ్లుగా రోజూ వెళ్లి వస్తున్నాడు. బీపీ చూస్తే 150/96. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించాం. అన్నీ మామూలుగానే ఉన్నాయి. గురక లేదు. జబ్బేమీ దొరకలేదు కానీ మనిషి మాత్రం వాడిపోయి ఉన్నాడు. అప్పుడు నేను మందుల చీటీ పక్కన పెట్టి తెల్లకాగితం తీశాను. ఆయన రోజు ఎలా గడుస్తోందో గంటల వారీగా రాయమన్నాను.

మీరూ ఉద్యోగం ఒక ఊళ్లో, కాపురం ఒక ఊళ్లో పెట్టుకున్నవారైతే, లేదా అలా పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవారైతే, ఆ కాగితం మీకూ పనికొస్తుంది. అందులోని అంకెలు ఆ కుటుంబానివి. మీవి వేరుగా ఉంటాయి కానీ లెక్క వేసే పద్ధతి అదే.

గడియారం లెక్క: గడప నుంచి గడపకు

‘‘ఎంతసేపు పడుతుంది?’’ అని అడిగితే అందరూ బస్సులో కూర్చున్న సమయమే చెబుతారు. ఈయనా ‘‘గంటా పావు’’ అన్నాడు. అది పామర్రులో బస్సెక్కి బెంజ్ సర్కిల్‌లో దిగేదాకా పట్టే సమయం మాత్రమే. కూచిపూడి నుంచి పామర్రుకు సుమారు పది కిలోమీటర్లు బండి మీద రావాలి. స్టాండులో బండి పెట్టాలి. బస్సు కోసం నిలబడాలి. కంకిపాడు దాటాక ట్రాఫిక్ మొదలవుతుంది. దిగాక షేర్ ఆటో, ఆపైన నాలుగడుగుల నడక. ఇవన్నీ కలిపితే ఇంటి గడప దాటిన క్షణం నుంచి ఆఫీసు గడప తొక్కేదాకా 2 గంటల 10 నిమిషాలు తేలింది. వెళ్లడం, రావడం కలిపి రోజుకు 4 గంటల 20 నిమిషాలు.

నెలకు 25 పనిదినాలు అనుకుంటే దాదాపు 108 గంటలు. అంటే నెలలో నాలుగున్నర రోజులు, పగలూ రాత్రీ కలిపి, ఆయన రోడ్డు మీదే ఉంటున్నాడు. ఈ మాట విని భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

మీరు ఈ లెక్క వేసేటప్పుడు ఒక్క రోజుది చూసి రాయకండి. వారం రోజులు ఇంటి నుంచి బయల్దేరిన సమయం, పనిచోట చేరిన సమయం ఫోనులో రాసుకోండి. సగటుతో పాటు అన్నిటికంటే ఆలస్యమైన రోజునూ గమనించండి. ఎందుకంటే మీరు నిద్ర లేచే సమయాన్ని నిర్ణయించేది సగటు కాదు, ఆ చెడ్డ రోజు. ఎప్పుడో ఒకసారి బస్సు తప్పుతుందన్న భయంతో రోజూ అరగంట ముందే లేస్తాం.

రూపాయి లెక్క: మిగిలేది ఎంత?

కూచిపూడిలో ఆయన ఇంటి అద్దె 4,000. ఆఫీసుకు ఇరవై నిమిషాల దూరంలో, పటమట వైపు అలాంటి ఇల్లే అడిగితే 11,000 అన్నారట. ‘‘నెలకు ఏడు వేలు మిగులుతున్నాయి సార్’’ అన్నది ఆయన ధీమా.

ఇప్పుడు ప్రయాణం ఖర్చు రాద్దాం. బస్సుకు రానూపోనూ 130 రూపాయలు. బండి పెట్రోలు రోజుకు 44. స్టాండుకు 10. విజయవాడలో ఆటోకు 40. మొత్తం 224 రూపాయలు. పాతిక రోజులకు 5,600. అంటే కూచిపూడిలో ఉండటానికి ఆయనకు నెలకు అయ్యేది 4,000 కాదు, 9,600. విజయవాడలో ఉంటే అద్దె 11,000, బండి పెట్రోలు 500 కలిపి 11,500. తేడా 1,900 రూపాయలు. పాసు తీసుకుంటే ఇది కొంత పెరుగుతుంది. దార్లో తాగే టీలు, రాత్రి ఆకలికి తినే బజ్జీలు లెక్కేస్తే మళ్లీ తగ్గుతుంది.

అసలు లెక్క ఇక్కడుంది. విజయవాడలో ఉంటే రానూపోనూ నలభై నిమిషాలు చాలు. అంటే దూరంగా ఉన్నందుకు రోజుకు 3 గంటల 40 నిమిషాలు, నెలకు సుమారు 92 గంటలు అదనంగా ఇస్తున్నాడు. ఆ 92 గంటలకు మిగులుతున్నది 1,900. గంటకు ఇరవై రూపాయలు! ‘‘మీ ఖాళీ సమయాన్ని గంటకు ఇరవై రూపాయలకు ఎవరైనా అడిగితే ఇస్తారా?’’ అన్నాను. ఆయన నవ్వలేదు.

అయితే ఈ లెక్క అందరికీ ఒకేలా తేలదు. కూచిపూడిలో సొంతిల్లు ఉంటే అద్దె సున్నా అవుతుంది. పిల్లల్ని చూసుకునే అమ్మమ్మో నాయనమ్మో పక్క వీధిలో ఉంటే, పట్నం వెళ్లాక ఆ పనికి డబ్బు పెట్టాలి. పట్నంలో అడ్వాన్సు, నీళ్లు, మెయింటెనెన్సు, బడి ఫీజు అన్నీ వేరు. ఇవి రాయకుండా పట్నమే మేలని చెప్పేయడం కూడా తప్పుడు లెక్కే.

ఆడవాళ్ల విషయంలో అంకె ఇంకా మారింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇదే దారిలో ఇదే ఉద్యోగం ఒక మహిళ చేస్తుంటే బస్సు ఖర్చు 3,250 ఉండదు. నెలకు మిగులు 5,150 అవుతుంది. గంటకు యాభై ఆరు రూపాయలు. ఇది కొట్టిపారేసే మొత్తం కాదు. దూరంగా ఉండే నిర్ణయం వాళ్లకు డబ్బు పరంగా గిట్టుబాటు కావచ్చు. కానీ టికెట్ పోయింది గానీ గంటలు అన్నే ఉన్నాయి. రద్దీలో నిలబడి వెళ్లాల్సి వస్తే అలసట పెరుగుతుంది కూడా. పైగా ఇంటికి చేరాక ఆమెకు రెండో డ్యూటీ మొదలవుతుంది. అందుకే మూడో లెక్క చూడకుండా నిర్ణయం తీసుకోకూడదు.

అలసట లెక్క: నిద్రతోనే కొలవాలి

అలసటను కొలవడానికి మా దగ్గర రక్తపరీక్ష లేదు. కానీ నిద్ర గంటలు చక్కని కొలత. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి.

ఈయన తెల్లవారుజామున 5 గంటలకు లేస్తాడు. నీళ్లు, పాలు, పాపను బడికి తయారుచేయడం చూసుకుని 6.40కి బయల్దేరతాడు. సాయంత్రం 6.30కి ఆఫీసు వదిలితే ఇల్లు చేరేసరికి 8.45. స్నానం, భోజనం, పాప కబుర్లు, కాసేపు ఫోను. పడుకునేసరికి 11. అంటే పక్క మీద ఉండేదే ఆరు గంటలు. క్యారేజీ కోసం నాలుగున్నరకే లేచే భార్య నిద్ర అంతకన్నా తక్కువ. ప్రయాణం చేసేది ఒకరే అయినా అలసట ఇద్దరిదీ.

‘‘నాలుగేళ్లయింది కదా సార్, అలవాటైపోయింది’’ అన్నాడు. ఇదే ప్రమాదకరమైన మాట. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కొందరిని రెండు వారాలపాటు రోజూ ఆరు గంటలే పడుకోనిచ్చారు. రోజులు గడిచేకొద్దీ వాళ్ల చురుకుదనం తగ్గుతూ పోయింది. చివరికి రాత్రంతా అసలు నిద్రపోనివాళ్లలా తయారయ్యారు. విచిత్రమేమిటంటే, మీకు నిద్ర వస్తోందా అని అడిగితే పెద్దగా లేదనే చెప్పారు. మెదడు మందగించడం అలవాటవుతుంది తప్ప, తక్కువ నిద్రకు మెదడు అలవాటుపడదు.

దీనికి పొద్దున లేచినప్పటి నుంచి గడిచిన గంటలూ తోడవుతాయి. మనిషి 17 గంటలు వరసగా మేలుకుని ఉంటే, వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి స్పందన మందగిస్తుందని పరీక్షల్లో తేలింది. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం ఒప్పుకునేది 30 మిల్లీగ్రాములే. ఐదింటికి లేచిన మనిషికి రాత్రి పదింటికి ఆ 17 గంటలు నిండుతాయి. బస్సు ఆలస్యమైన రోజున, అదీ నాలుగేళ్ల నిద్ర బాకీతో, పామర్రులో బండి తీసే మనిషి పరిస్థితి ఏమిటో ఊహించండి. బ్రీత్ ఎనలైజర్ పెడితే సున్నా చూపిస్తుంది. కళ్లు మాత్రం మూతలు పడతాయి. రెండు మూడు సెకన్ల కునుకు చాలు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఆ మూడు సెకన్లలో ముప్ఫై మీటర్లకు పైగా ఎవరూ నడపకుండానే వెళ్లిపోతుంది.

‘‘బస్సులో పడుకుంటున్నాను కదా’’ అంటారు కొందరు. ఇరవై నిమిషాల కునుకు మంచిదే, కాసేపు తేలిగ్గా ఉంటుంది. కానీ గతుకులకీ, హారన్లకీ, కండక్టర్ కేకలకీ తెగిపోయే ఆ నిద్ర రాత్రి నిద్రకు బదులు కాదు. రాత్రి ఎనిమిదింటికి బస్సులో గాఢంగా నిద్రపోతే ఇంటికెళ్లాక పదకొండైనా నిద్ర పట్టదు.

ఇది ప్రయాణం అలసటా, జబ్బా?

ఈ తేడా తెలుసుకోవడం ముఖ్యం. అన్ని అలసటలనూ బస్సు మీద నెట్టేస్తే అసలు జబ్బు దాగిపోతుంది.

నిద్ర చాలక వచ్చిన అలసట సెలవుల్లో తగ్గుతుంది. సంక్రాంతికి నాలుగు రోజులు వరసగా కంటినిండా పడుకుంటే మనిషి తేటపడతాడు. మామూలు రోజుల కంటే ఆదివారం రెండు గంటలు ఎక్కువ పడుకుంటున్నారంటే మీకు నిద్ర బాకీ ఉన్నట్టే. బస్సులో సీటు దొరికిన ఐదు నిమిషాల్లోనే నిద్రలోకి జారిపోవడం, చిన్న మాటకే పిల్లల మీద అరవడం, ఆఫీసులో చేసిన లెక్కే మళ్లీ చేయాల్సి రావడం కూడా అదే చెబుతాయి.

వారం సెలవు పెట్టి పడుకున్నా నీరసం తగ్గకపోతే మాత్రం పరీక్ష చేయించుకోవాలి. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే రక్తహీనత కావచ్చు. ఆడవాళ్లలో ఇది చాలా ఎక్కువ. బరువు పెరుగుతూ, చలి ఓర్వలేకపోతుంటే థైరాయిడ్ చూడాలి. అతిగా దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రం ఉంటే షుగర్ చూడాలి. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని ఇంట్లోవాళ్లు చెబితే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. అప్పుడు ఎనిమిది గంటలు పడుకున్నా పగలు నిద్ర వస్తుంది. దేని మీదా ఇష్టం లేకుండా పోయి, రెండు వారాలకు మించి దిగులుగా ఉంటే దాన్ని కూడా డాక్టరుకు చెప్పండి. వీటిలో దేనికీ సెలైన్ వైద్యం కాదు. సెలైన్ సీసాలో ఉండేది ఉప్పునీళ్లు లేదా కొద్దిపాటి గ్లూకోజు. అది ఎక్కే గంటసేపు పడుకుంటారు కాబట్టి హాయిగా అనిపిస్తుంది.

మధ్యలో ఇంకో ఊరు

ఇక్కడిదాకా వచ్చాక ఆమె ఒక మాట అంది. ‘‘పాప కోసమే కదండీ ఉన్నాం.’’ వాళ్ల అమ్మాయి అక్కడ నాట్యం నేర్చుకుంటోంది. నాట్యానికి పేరిచ్చిన ఊళ్లోనే ఉంటూ, సాయంత్రం నడిచివెళ్లి గురువు దగ్గర నేర్చుకునే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? దీన్ని ఏ గడిలో రాయాలో నాకూ తెలియలేదు. కాగితం మీద పక్కగా రాసి చుట్టూ గీత గీశాను.

ఎందుకంటే మనం దూరంగా ఉండటానికి సరైన కారణాలూ ఉంటాయి. ‘అద్దె కలిసొస్తుంది’ అన్నది మాత్రం వాటిలో బలహీనమైనది. ప్రయాణం కష్టమైతే, ఆ మేరకు అద్దెలోనో జీతంలోనో లాభం ఉంటుంది కాబట్టి చివరికి సరిపోతుందని అర్థశాస్త్రం చెబుతుంది. ఫ్రై, స్టుట్జర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీలో కుటుంబాల సర్వే వివరాలు తీసుకుని 2008లో దీన్ని సరిచూశారు. సరిపోవడం లేదని తేలింది. ప్రయాణ సమయం పెరిగినకొద్దీ, జీవితంతో తాము తృప్తిగా ఉన్నామని చెప్పడం తగ్గింది. ఇల్లు చూసుకునేటప్పుడు అద్దె అంకె కళ్ల ముందుంటుంది. రోజూ జరిగే ప్రయాణం అప్పుడు కనబడదు.

ఇక రెండే దారులని అనుకోకండి. బందరు రోడ్డు మీద వరసగా చూడండి. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు, పెనమలూరు, పోరంకి, కానూరు. మేం కంకిపాడు లెక్క వేశాం. అద్దె 7,500. బస్సు, ఆటో కలిపి నెలకు 1,750. మొత్తం 9,250. అంటే కూచిపూడి కంటే 350 తక్కువే! గడప నుంచి గడపకు 55 నిమిషాలు. రోజుకు రెండున్నర గంటలు మిగులుతాయి. అన్నిటికన్నా మేలైన సంగతి, రాత్రిపూట బండి లేదు. ఒకే బస్సు, దిగితే ఇల్లు. దూరం ఒకటే అయినా మూడు వాహనాలు మారే ప్రయాణం కంటే, ఒక్కసారి ఎక్కి కూర్చునే ప్రయాణం తక్కువ అలసట ఇస్తుంది. ఇల్లు వెతికేటప్పుడు కిలోమీటర్ల కంటే ఎన్నిసార్లు మారాలో ముందు చూడండి.

నేను ఇచ్చే సలహా ఇది. మీ ప్రయాణం పోగా ఏడు గంటలు పక్క మీద ఉండే వీలుంటే, దూరంగా ఉండటం మీ ఇష్టం. డబ్బు, కుటుంబం చూసుకుని నిర్ణయించుకోండి. ఆ ఏడు గంటలు మిగలకపోతే, ఎంత అద్దె కలిసొచ్చినా ఆ ఇల్లు మీకు ఖరీదైనదే.

వెంటనే మారలేకపోతే...

పిల్లల చదువు మధ్యలో ఉంటుంది, అడ్వాన్సు డబ్బు చేతిలో ఉండదు. అలాంటప్పుడు కొన్ని పనులైనా చేయండి.

నిద్ర ముంచుకొస్తుంటే బండి తీయకండి. స్టాండు దగ్గరే పదిహేను, ఇరవై నిమిషాలు కునుకు తీసి, పూర్తిగా తేరుకున్నాక బయల్దేరండి. లేదా ఇంట్లోవాళ్లను రమ్మనండి. ముఖం కడుక్కోవడం, పాటలు పెట్టుకోవడం కునుకును ఆపలేవు. జలుబుకూ, దురదకూ వాడే సీపీఎం, సెట్రిజిన్ మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. అవి వేసుకున్న రోజు బండి వద్దు.

షుగర్ మాత్ర వేసుకుని, టిఫిన్ విజయవాడ చేరాక తిందామని బస్సెక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్ని మాత్రలతో, ఇన్సులిన్‌తో ఇది దార్లోనే షుగర్ పడిపోవడానికి దారితీస్తుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే చక్కెరో గ్లూకోజో తీసుకోవాలి. తినే సమయాన్ని బట్టి మాత్ర సమయం మార్చమని మీ డాక్టరును అడగండి.

దార్లో మరుగుదొడ్డి దొరకదని ఆడవాళ్లు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంటతో మా దగ్గరకు వచ్చేవారిలో ఈ కారణం తరచూ కనిపిస్తుంది. ఎక్కే ముందు వెళ్లి రండి, పనిచోటుకు చేరగానే నీళ్లు తాగడం మొదలుపెట్టండి.

సాయంత్రం ఆఫీసు వదిలేముందు తాగే కాఫీ రాత్రి నిద్రను తినేస్తుంది. కెఫిన్‌లో సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత మానేయండి. సాయంత్రం ఏదైనా కొంచెం తిని బయల్దేరితే ఇంట్లో భోజనం తేలిగ్గా ముగించి, అరగంట ముందు పడుకోవచ్చు.

ఇవన్నీ పుస్తకం చూసి చెబుతున్నవి కావు. పీహెచ్‌సీలో పనిచేసిన రోజుల్లో నేనూ విజయవాడ నుంచే రోజూ వెళ్లొచ్చేవాణ్ని. సాయంత్రానికి రోగి చెప్పేది చెవికెక్కేది కాదు. రెండోసారి అడిగేవాణ్ని. అది వయసు కాదనీ, నిద్ర అనీ చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ కుటుంబం పాప పరీక్షలు అయ్యాక కంకిపాడు మారింది. మూడు నెలల తర్వాత ఆయన వచ్చినప్పుడు బీపీ 134/86 ఉంది. నేను మాత్ర కూడా మొదలుపెట్టాను కాబట్టి ఇదంతా ఇల్లు మారినందుకే అని చెప్పను. రాత్రి పదికల్లా పడుకుంటున్నానన్నాడు. సెలైన్ అడగలేదు. పాప ఇప్పుడు ఆదివారాలు మాత్రమే కూచిపూడి వెళ్లి నేర్చుకుంటోంది. మొదట్లో చాలా ఏడ్చిందట. ‘‘ఆదివారం పొద్దున బస్సులో ఈయనే తీసుకెళ్తారండీ. దారంతా ఇద్దరూ కబుర్లే’’ అంది తల్లి.